నోట్స్‌లో బాణం గుర్తు ఎక్కడుందో అక్కడే ప్రశ్న ఉంది: ఇద్దరు కూర్చుని చెప్పుకునే స్క్రిప్ట్ ఎలా రాసుకోవాలి

పరీక్షల ముందు ఇద్దరు కలిసి చదవడమంటే మన హాస్టళ్లలో మామూలుగా జరిగేది ఇదే: ఒకళ్లు నోట్స్ పైకి చదువుతుంటారు, రెండోవాళ్లు మంచం మీద పడుకుని "ఊఁ, ఊఁ" అంటుంటారు, మధ్యలో ఒక చాయ్, ఆ తర్వాత "ఈ చాప్టర్ అయిపోయింది" అని ఒక టిక్కు. చదివేవాళ్లకు కాగితం కళ్లముందే ఉంది కాబట్టి అంతా తెలిసినట్టే ఉంటుంది, వినేవాళ్లకు ఆ మాటలన్నీ క్లాసులో విన్నవే కాబట్టి వాళ్లకూ తెలిసినట్టే ఉంటుంది. నిజంగా తెలుసో లేదో ఇద్దరిలో ఎవరూ చూడలేదు.

దీనికి బదులు చేయాల్సింది టీచ్‌బ్యాక్. ఒకళ్లు నోట్స్ మూసి చెప్పాలి, ఇంకొకళ్లు అడగాలి, తర్వాత తారుమారు కావాలి. ఈ మాట చాలామంది వినే ఉంటారు, ఒకటి రెండుసార్లు చేసి చూసి వదిలేసినవాళ్లూ ఉంటారు, ఎందుకంటే ఏమీ రాసుకోకుండా కూర్చుంటే అడిగేవాళ్లకు ఏం అడగాలో తోచదు, "ఫలానాదాని విలువ ఎంత?" లాంటి బిట్ ప్రశ్నల దగ్గర ఆగిపోతుంది. అందుకే ముందు అరగంట కూర్చుని నోట్స్‌ని స్క్రిప్ట్‌గా మార్చుకోవాలి. అది ఎలాగో ఒకే ఒక్క ఉదాహరణ పట్టుకుని చివరిదాకా చెప్తాను: బీఎస్సీ నర్సింగ్ మొదటి సంవత్సరం ఫిజియాలజీలో, ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలో, ఫార్మసీలో అందరికీ వచ్చే కిడ్నీ పాఠం. మీది ఇంజినీరింగో గ్రూప్స్ ప్రిపరేషనో అయినా కంగారు పడకండి, ఈ పాఠానికి కావలసినంత సైన్స్ దారిలోనే వస్తుంది.

ముందు ముక్క కోయండి

గంట లెక్చర్ మొత్తాన్ని ఒకేసారి స్క్రిప్ట్ చేయాలని చూడకండి. కిడ్నీ మీద గంట క్లాసంటే ఫిల్ట్రేషన్, రీఅబ్సార్ప్షన్, సెక్రీషన్, హెన్లీ లూప్, హార్మోన్లు అన్నీ ఉంటాయి, అదంతా చెప్పడానికి కూర్చుంటే పావుగంటకే గొంతు ఎండిపోయి "మిగతాది నీకు తెలుసులే" దగ్గర తేలుతుంది. ముక్క సైజు తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ఆ ముక్క మొత్తం ఒకే మామూలు ప్రశ్నకు జవాబు అయి ఉండాలి, ఆ ప్రశ్న మీ ఇంట్లో అమ్మ అడిగేలా ఉండాలి. మనం తీసుకునేది: "షుగర్ ఉన్నవాళ్లకు మూత్రం అన్నిసార్లు ఎందుకు వస్తుంది?" దీనికి సరైన జవాబు ఒకరు ఏడెనిమిది నిమిషాల్లో, ఇద్దరు పంచుకుంటే చెరో నాలుగు నిమిషాల్లో చెప్పేయవచ్చు. గంట క్లాసులో ఇలాంటి ముక్కలు నాలుగో ఐదో దొరుకుతాయి. అన్నీ చేయక్కర్లేదు. మీకు ఏది చెప్పాలంటే ఇబ్బందిగా అనిపిస్తుందో ముందు దాన్నే తీయండి.

తర్వాత బాణాలు లెక్కపెట్టండి

క్లాసులో సార్ వేగంగా చెప్తుంటే మనం రాసుకునేది ఇలా ఉంటుంది:

పీసీటీ – గ్లూకోజ్ 100% రీఅబ్సార్ప్షన్ – ఎస్‌జీఎల్‌టీ2, సోడియంతో కలిసి
టీఎమ్ = 375 మి.గ్రా./నిమిషం
రీనల్ థ్రెషోల్డ్ = రక్తంలో 180–200 మి.గ్రా./డె.లీ.
స్ప్లే
డయాబెటిస్ → గ్లైకోసూరియా → ఆస్మోటిక్ డైయూరిసిస్ → పాలీయూరియా → దాహం

ఐదు లైన్లు. పీసీటీ అంటే నెఫ్రాన్ అనే సన్నటి కిడ్నీ గొట్టంలో ఫిల్టర్ తర్వాత వచ్చే మొదటి భాగం, ఎస్‌జీఎల్‌టీ2 అంటే అక్కడ గ్లూకోజ్‌ని వెనక్కి తీసుకునే ప్రోటీన్, టీఎమ్ అంటే అలా నిమిషానికి ఎక్కువలో ఎక్కువ వెనక్కి తీసుకోగలిగే మొత్తం. రక్తంలో షుగర్ ఎంత ఉంటే యూరిన్‌లో గ్లూకోజ్ కనబడటం మొదలవుతుందో అది రీనల్ థ్రెషోల్డ్, అలా కనబడటమే గ్లైకోసూరియా, మూత్రం ఎక్కువ పోవడం పాలీయూరియా. నోట్స్ చూడటానికి ఏం లోటు లేదు, పరీక్షలో దీన్నే అటూ ఇటూ తిప్పి రాసినా కొన్ని మార్కులు పడతాయి. కానీ చివరి లైన్‌లో నాలుగు బాణాలు చూడండి. ఒక్కో బాణం దగ్గర సార్ బహుశా రెండు మూడు వాక్యాలు చెప్పి ఉంటారు, అవి రాసుకునే టైమ్ లేక మనం ఒక గీత గీసి వదిలేశాం. అంటే నోట్స్‌లో కారణాలు ఎక్కడెక్కడ మాయమయ్యాయో బాణాలే చూపిస్తాయి. ప్రతి బాణం మీద ఎర్ర పెన్నుతో ఒక నంబర్ వేయండి.

కనపడని బాణాలు ఇంకా ముఖ్యం. రెండు లైన్లు ఒకదాని కింద ఒకటి ఉండి, మధ్యలో ఏ సంబంధమూ రాయకపోతే అక్కడా ఒక నంబర్ వేయాలి. మన నోట్స్‌లో 375 అనే అంకె కిందే 180–200 అనే అంకె ఉంది. రెండింటికీ సంబంధం ఏంటి? రాయలేదు. "స్ప్లే" అనే మాట ఒంటరిగా ఒక లైన్‌లో కూర్చుంది, అది ఎందుకొచ్చిందో నోట్స్‌లో లేదు. నోట్స్‌లో ఇలా దిక్కులేకుండా పడి ఉన్న మాట కనబడితే వదలకండి, చాలాసార్లు లెక్చర్ మొత్తంలో అసలు విషయం అదే అయి ఉంటుంది.

పంచుకోవడంలో ఉంది కిటుకు

ముక్కను రెండు సగాలు చేయండి. మొదటి సగం: ఆరోగ్యంగా ఉన్నవాళ్ల కిడ్నీలో గ్లూకోజ్‌కి ఏమవుతుంది. రెండో సగం: షుగర్ పెరిగితే ఏమవుతుంది. చెరొకటి తీసుకోండి. ఇక్కడ ఎక్కువమంది చేసే పని, ఎవరి సగానికి వాళ్లే వివరణా ప్రశ్నలూ జవాబులూ అన్నీ రాసేసుకోవడం. అలా రాస్తే అది నాటకం రిహార్సల్ అవుతుంది, ప్రశ్న వచ్చేలోపే జవాబు నోట్లో ఉంటుంది. కాబట్టి నియమం ఇలా పెట్టుకోండి: చెప్పేవాళ్లు తమ సగానికి సూచనల చీటీ మాత్రమే రాయాలి, ఆ సగానికి ప్రశ్నల కాగితం రెండోవాళ్లు రాయాలి, ఒకళ్లది ఒకళ్లు చూడకూడదు. అంటే మొదటి సగం మీరు చెప్తే, రెండో సగానికి ప్రశ్నలు రాసేది మీరే. ఇలా చేస్తే ఇద్దరూ ముక్క మొత్తం చదవక తప్పదు, చెప్పడానికి సగం, అడగడానికి సగం. నన్నడిగితే అడగడానికి చదివిన సగమే గట్టిగా వస్తుంది.

సూచనల చీటీ అరచేతి సైజు కాగితం. అందులో వాక్యాలు ఉండకూడదు. ఎనిమిదో పదో మాటలు, రెండు మూడు అంకెలు, ఒక బొమ్మ, అంతే. మన మొదటి సగానికి చీటీ ఇలా ఉంటే సరిపోతుంది: ఫిల్టర్, 125 మి.లీ., రోజుకు 180 లీటర్లు, గ్లూకోజ్ దిగిపోతుంది, పీసీటీ, సోడియం తోడు, తిరిగి రక్తంలోకి, యూరిన్‌లో సున్నా. పక్కన నెఫ్రాన్ బొమ్మ, పేర్లు రాయకుండా. పూర్తి వాక్యాలు రాసుకుంటే కళ్లు వాటి మీదకే పోతాయి, ఇక చెప్పడం పోయి చదవడం మొదలవుతుంది.

ప్రశ్నల కాగితం: దీనికే ఎక్కువ టైమ్ పెట్టండి

అమెరికాలో అలిసన్ కింగ్ అనే పరిశోధకురాలు 1990ల ప్రాంతంలో విద్యార్థులకు సగం రాసి ఉన్న ప్రశ్నలు ఇచ్చి, ఖాళీలు వాళ్ల పాఠంతో నింపుకుని ఒకరినొకరు అడగమన్నారు. "ఫలానాది లేకపోతే ఏమవుతుంది?", "ఫలానాది ఫలానాదాని మీద ఎలా పని చేస్తుంది?" ఇలాంటివి. మనకూ అదే పనికొస్తుంది, కానీ నాలుగు రకాలు చాలు. పదిహేను రకాలు పెట్టుకుంటే వాటిని గుర్తుపెట్టుకోవడమే ఇంకో సబ్జెక్ట్ అవుతుంది.

ఒకటి, బాణం ప్రశ్న. నంబర్ వేసిన ప్రతి బాణాన్నీ "దీనివల్ల అది ఎలా?" అని మార్చండి. "యూరిన్‌లో గ్లూకోజ్ ఉంటే నీళ్లు ఎందుకు ఎక్కువ పోతాయి?" జవాబు కూడా మీ కాగితం మీద రాసి పెట్టుకోవాలి: గొట్టంలో మిగిలిపోయిన గ్లూకోజ్ ఆస్మాసిస్ వల్ల నీటిని తనతో పాటే పట్టి ఉంచుతుంది, ఆ నీరు తిరిగి రక్తంలోకి పోలేక మూత్రంగా బయటికి పోతుంది.

రెండు, తీసేస్తే ప్రశ్న. యంత్రంలో ఒక భాగం పీకేసి ఏమవుతుందో అడగడం. "ఎస్‌జీఎల్‌టీ2ని మందు ఇచ్చి ఆపేస్తే?" దీనికి జవాబు ఊహ కాదు, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు చేసేది అదే, తిరిగి తీసుకోవడాన్ని అడ్డుకుని గ్లూకోజ్‌ని మూత్రంలోకి పంపేస్తాయి. అందుకే ఆ మాత్రలు వేసుకునేవాళ్లకు రక్తంలో షుగర్ అదుపులో ఉన్నా యూరిన్ టెస్ట్‌లో గ్లూకోజ్ కనబడుతుంది.

మూడు, అంకె ప్రశ్న. "విలువ ఎంత?" అని కాదు, ఆ అంకెలతో లెక్క చేయించేది. "రక్తంలో షుగర్ 100 ఉంటే నిమిషానికి ఎంత గ్లూకోజ్ ఫిల్టర్ అవుతుంది?" నిమిషానికి ఫిల్టర్ అయ్యేది 125 మి.లీ., అంటే 1.25 డెసిలీటర్లు, దాన్ని 100తో గుణిస్తే 125 మి.గ్రా. రోజు మొత్తానికి దాదాపు 180 గ్రాములు. ఈ లెక్క ఒకసారి నోటితో చేసినవాళ్లు "గ్లూకోజ్ ఫిల్టర్ కాదు" అని మళ్లీ పరీక్షలో రాయరు.

నాలుగు, "మరైతే" ప్రశ్న. నోట్స్‌లో రెండు విషయాలు ఒకదానికొకటి పొసగనట్టు కనిపించే చోటు వెతికి అడగడం. ఇది రాయడం కష్టం, కానీ కాగితానికి ఇలాంటిది ఒక్కటైనా ఉండాలి. మన ముక్కలో అది 375కీ 200కీ మధ్య ఉంది, కాసేపట్లో వస్తుంది.

ప్రతి ప్రశ్న కింద పూర్తి జవాబుతో పాటు "అరకొర జవాబు" ఎలా ఉంటుందో కూడా ఒక లైన్ రాసుకోండి. ఉదాహరణకు బాణం ప్రశ్నకు "ఆస్మోటిక్ డైయూరిసిస్ వల్ల" అంటే అది అరకొర, ఎందుకంటే అది ఆ బాణానికి పేరు మాత్రమే, కారణం కాదు. ముందే రాసుకోకపోతే అవతలివాళ్లు ధీమాగా ఆ పేరు చెప్పగానే మనం తలూపేస్తాం. సగానికి ఆరు ప్రశ్నలు దాటకండి.

కూర్చునే చోటు

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ లాంటి చోట కూర్చుని స్క్రిప్ట్ రాసుకోవచ్చు కానీ చెప్పుకోవడం కుదరదు, పక్కన గ్రూప్స్‌కి చదివేవాళ్లు చూసే చూపుకే నోరు పడిపోతుంది. ఉస్మానియా క్యాంపస్‌లో చెట్ల కింద, హాస్టల్ మేడ మీద, ఎక్కడైనా పైకి మాట్లాడగలిగే చోటు చూసుకోండి. ఇరానీ హోటల్ ఒక ముక్కకు పనికొస్తుంది, రెండో ముక్కకు వెయిటర్ బల్ల తుడవడం మొదలుపెడతాడు.

ఇప్పుడు నడపడం

నాలుగు నిమిషాలు చెప్పడం, ఐదు నిమిషాలు ప్రశ్నలు, ఒకటి రెండు నిమిషాలు నోట్స్ తెరిచి చూసుకోవడం, తర్వాత మారడం. రెండు సగాలకూ కలిపి ఇరవై, ఇరవై రెండు నిమిషాలు. ఫోన్లో టైమర్ పెట్టి ఫోన్ బోర్లా పెట్టండి.

చెప్పే నాలుగు నిమిషాల్లో అడిగేవాళ్లు నోరు విప్పకూడదు, తప్పు చెప్పినా సరే. తప్పు వినబడగానే సరిదిద్దితే చెప్పేవాళ్లు ఆ దారి వదిలేసి మన మొహం చూసుకుంటూ చెప్పడం మొదలుపెడతారు, ఇక వాళ్ల బుర్రలో ఏముందో మనకు తెలియదు. వినబడ్డ తప్పును కాగితం మీద గీసుకుని ప్రశ్నల టైమ్‌లో దాని చుట్టూ అడగండి. "అది తప్పు" అనకుండా, ఆ తప్పు నిజమైతే ఇంకేం నిజం కావాలో అడగాలి. ఇద్దరు నర్సింగ్ అమ్మాయిలు రెండో సగం మీద కూర్చున్నారనుకుందాం:

"రక్తంలో షుగర్ బాగా పెరిగిపోయిందనుకో, అప్పుడు కిడ్నీ ఫిల్టర్ తట్టుకోలేక గ్లూకోజ్‌ని వదిలేస్తుంది, అది యూరిన్‌లోకి వచ్చేస్తుంది."

"సరే. నీకూ నాకూ షుగర్ లేదు కదా. మన ఫిల్టర్ గ్లూకోజ్‌ని వదలదా?"

"వదలదు. ఆగవే... వదులుతుంది. రోజుకి నూట ఎనభై గ్రాములని నువ్వే ఇందాక చెప్పావ్."

"మరి మన యూరిన్‌లో లేదేంటి?"

"పీసీటీలో మొత్తం వెనక్కి తీసుకుంటుంది."

"అయితే షుగర్ వాళ్లలో తట్టుకోలేకపోయేది ఏది?"

"ఫిల్టర్ కాదు. వెనక్కి తీసుకునేది. ఎస్‌జీఎల్‌టీలు అన్నీ నిండిపోతాయి."

చూశారా, నోట్స్‌లో "డయాబెటిస్ → గ్లైకోసూరియా" అని బాణం సరిగ్గానే ఉంది, ఆ అమ్మాయి దాన్ని పరీక్షలో సరిగ్గానే రాసి ఉండేది, కానీ బాణం లోపల ఆమె బుర్రలో ఉన్నది చిల్లు పడ్డ ఫిల్టర్. జల్లెడ పాడైంది కాబట్టి కారుతోంది అనే ఊహ చాలామందిలో ఉంటుంది. అడిగిన అమ్మాయి ఎక్కడా జవాబు చెప్పలేదు, మొదటి సగాన్ని రెండో సగానికి ఎదురుపెట్టింది, అంతే.

చెప్పేవాళ్లు ఆగిపోతే వెంటనే అందించకండి. మనసులో పది అంకెలు లెక్కపెట్టండి. ఆ మౌనం ఇబ్బందిగానే ఉంటుంది, ఉండనివ్వండి. అప్పటికీ రాకపోతే జవాబు కాకుండా దానికి ముందు మెట్టు గుర్తుచేయండి: "నిమిషానికి ఎంత దిగుతోందో ముందు చెప్పు." దానికీ రాకపోతే అప్పుడు నోట్స్ తెరవాలి, ఆ ప్రశ్న పక్కన చుక్క పెట్టాలి.

ఇద్దరికీ తెలియని చోటు

ఇక 375, 200ల సంగతి. ప్రశ్న ఇలా వస్తుంది: రక్తంలో 200 ఉంటే నిమిషానికి 250 మి.గ్రా. ఫిల్టర్ అవుతుంది. వెనక్కి తీసుకోగలిగేది 375 దాకా. ఇంకా 125 ఖాళీ ఉంది కదా, మరైతే 200 దగ్గరే, ఒక్కోసారి 180 దగ్గరే, యూరిన్‌లో గ్లూకోజ్ ఎందుకు కనబడుతోంది? లెక్క ప్రకారం 300 దాటేదాకా రాకూడదు.

మామూలుగా ఇక్కడ ఇద్దరూ ఆగిపోతారు, అడిగినవాళ్ల కాగితం మీద కూడా జవాబు ఉండదు. ఇది స్క్రిప్ట్ చెడిపోవడం కాదు, మీరు కూర్చున్నదే దీనికోసం. మూడో కాగితం ఒకటి ముందే పెట్టుకోండి, దాని మీద ఈ ప్రశ్నను అంకెలతో సహా రాసి ముందుకు పొండి. అక్కడికక్కడే ఏదో ఒక జవాబు వండుకుని ఇద్దరూ ఒప్పేసుకోవడం కంటే ప్రమాదం ఇంకోటి లేదు, ఎందుకంటే ఒక్కళ్లే చదువుకునేటప్పుడు తప్పు అనుమానంగా ఉంటుంది, ఇంకొకళ్లు ఔనన్నాక అది నిజమైపోతుంది.

సెషన్ అయ్యాక టెక్స్ట్‌బుక్‌లో ఆ పేజీ తీస్తే, ఒంటరిగా కూర్చున్న "స్ప్లే" అనే మాట ఇక్కడిదేనని తెలుస్తుంది. ఒక్కో కిడ్నీలో దాదాపు పది లక్షల నెఫ్రాన్లు ఉంటాయి, వాటన్నిటి సామర్థ్యం ఒకటి కాదు. కొన్ని తొందరగా నిండిపోయి గ్లూకోజ్‌ని వదిలేస్తాయి, అప్పటికి మిగతావాటిలో ఇంకా చోటు ఉంటుంది. 375 అనేది అన్నీ నిండాక వచ్చే మొత్తం. గ్లూకోజ్ మొదటిసారి కనబడేది ముందుగా నిండిన కొన్నింటి వల్ల.

దీన్ని మళ్లీ చెప్పేటప్పుడు పోలిక ఒకటి తోస్తుంది. కోఠి స్టాప్‌లో ఒక బస్సు కిక్కిరిసి జనం కింద మిగిలిపోయారు, వెనకాల బస్సు సగం ఖాళీ. బాగుంది. కానీ చెప్పేవాళ్లు పోలిక వాడితే అడిగేవాళ్లు తప్పక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "ఈ పోలిక ఎక్కడ చెల్లదు?" కింద మిగిలినవాళ్లు నడిచి వెనకాల బస్సు ఎక్కేస్తారు. ఒక నెఫ్రాన్‌లో మిగిలిపోయిన గ్లూకోజ్ పక్క నెఫ్రాన్‌లోకి పోవడానికి వీల్లేదు, అక్కడినుంచి కిందికే దారి. పోలిక తెగిపోయే చోటు చెప్పగలిగారంటే విషయం పట్టుబడింది. చెప్పలేకపోతే పోలికే గుర్తుంది, పాఠం లేదు.

చెడిపోయేది ఎలా తెలుస్తుంది

ప్రశ్నలన్నిటికీ ఒక్క మాటలో జవాబు వస్తోందంటే అవి బిట్లు అయిపోయాయి, బాణాల దగ్గరికి తిరిగి వెళ్లండి. "అర్థమైందా?" "ఆఁ, అర్థమైంది" అనే సంభాషణ రెండుసార్లు వినబడితే ఇద్దరూ మొహమాటపడుతున్నారు. ఆ ప్రశ్నను పూర్తిగా నిషేధించి, దాని బదులు "ఇప్పుడు నేను చెప్పింది నువ్వు రెండు వాక్యాల్లో చెప్పు" అనండి. జతలో ఒకళ్లు క్లాస్ టాపర్ అయితే వాళ్లే రెండు సగాలూ చెప్పేస్తుంటారు, రెండోవాళ్లు మళ్లీ పాత "ఊఁ, ఊఁ"లోకి జారిపోతారు. అలాంటప్పుడు కష్టమైన సగం రెండోవాళ్లకు ఇచ్చి టాపర్‌ని అడిగే కుర్చీలో కూర్చోబెట్టండి, "జవాబు నువ్వు చెప్పకూడదు" అని ముందే మాట తీసుకుని.

మూడోసారి నడిపేసరికి అన్నీ గడగడా వచ్చేస్తాయి. అది వచ్చినట్టు కాదు, కంఠస్థం అయినట్టు. అంకె మార్చి చూడండి. రక్తంలో 400 అయితే? నిమిషానికి 500 దిగుతుంది, 375 వెనక్కి పోతుంది, 125 యూరిన్‌లో. అలాగే కొత్త మనిషిని తెండి: "గర్భిణికి రక్తంలో షుగర్ నార్మల్, యూరిన్‌లో గ్లూకోజ్ ఉంది. ఎలా?" స్క్రిప్ట్‌లో గర్భిణి ఎక్కడా లేదు. కానీ గర్భంలో ఫిల్ట్రేషన్ రేటు దాదాపు సగం మేర పెరుగుతుందని ఒక్క మాట అందిస్తే, మొదటి సగం నిజంగా అర్థమైనవాళ్లు మిగతాది వాళ్లే కడతారు: రక్తంలో షుగర్ పెరగకపోయినా నిమిషానికి దిగే మొత్తం పెరిగింది.

భాష సంగతి కూడా చెప్పాలి. ఇంటర్ దాకా తెలుగు మీడియం చదివి వచ్చినవాళ్లు ఇంగ్లిష్‌లోనే చెప్పాలని పట్టుబడితే పుస్తకంలోని వాక్యాలే బయటికి వస్తాయి. మొదటి రెండు రౌండ్లు నోటికొచ్చిన తెలుగులో చెప్పండి, పాఠం పేర్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టు. చివర్లో ఐదు నిమిషాలు ఇద్దరూ వేరువేరుగా అదే జవాబును పరీక్షలో రాసే ఇంగ్లిష్‌లో రాసి, కాగితాలు మార్చుకుని చూసుకోండి.

రెండు రోజుల తర్వాత

చుక్క పెట్టిన ప్రశ్నలు రెండు రోజుల తర్వాత మళ్లీ అడగాలి, ముందుగా ఏమీ చూసుకోకుండా. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు చేసిన ప్రయోగంలో, ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు, రెండు రోజులకూ వారానికీ మాత్రం పుస్తకం మూసి గుర్తుచేసుకుని రాసినవాళ్లే ముందున్నారు. సెషన్ అయిన వెంటనే కలిగే "వచ్చేసింది" అనే సంతోషాన్ని అందుకే అంత పట్టించుకోకండి. ఈ రెండో విడతకు కలవక్కర్లేదు, ఫోన్ చాలు. ఒకళ్లు దిల్‌సుఖ్‌నగర్‌లో, ఇంకొకళ్లు మియాపూర్‌లో ఉన్నా సాయంత్రం పది నిమిషాల కాల్ సరిపోతుంది. పైగా ఫోన్లో బొమ్మ గీసి చూపించి తప్పించుకోవడానికి వీల్లేదు, గొట్టం గోడకు ఏ వైపు ఏముందో మాటల్లోనే చెప్పాలి.

అన్నిటికీ ఈ పద్ధతి వాడకండి. క్రేనియల్ నర్వ్స్ పన్నెండు పేర్లు, మందుల డోసులు, నార్మల్ విలువల పట్టిక లాంటివాటిలో బాణాలు ఉండవు, వాటికి చీటీలు రాసుకుని తిరగేయడమే దారి. ఇద్దరూ ఆ క్లాస్ ఎగ్గొట్టి ఎవరి నోట్సో జిరాక్స్ తీసుకున్నా ఇది పనిచేయదు, ముందు టెక్స్ట్‌బుక్‌లో ఆ పది పేజీలు చదివి రావాలి.

ఇక మూడో కాగితం మీద పుస్తకం చూసినా తేలని ప్రశ్నలు మిగిలితే వాటిని సార్ దగ్గరికో మేడమ్ దగ్గరికో పట్టుకెళ్లండి. "స్ప్లే అర్థం కాలేదు సార్" అని అడిగితే క్లాసులో చెప్పిందే మళ్లీ చెప్తారు. "సార్, 200 దగ్గర 250 మిల్లీగ్రాములే ఫిల్టర్ అవుతోంది, టీఎమ్ 375 ఉంది, నెఫ్రాన్లన్నీ ఒకేలా ఉండవని పుస్తకంలో ఉంది, మరి ఒకేలా లేకపోవడానికి కారణం ఎస్‌జీఎల్‌టీలు తక్కువ ఉండటమా, లేక ఆ నెఫ్రాన్‌లోకి ఫిల్టర్ ఎక్కువ దిగడమా?" అని అడిగితే ఆయన కుర్చీ చూపించి కూర్చోమంటారు.